వర్క్‌షాప్‌కు కొత్త మెషీన్: ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో ఖర్చు–లాభాల భాగం ఎలా రాయాలి

మెషీన్ కొనడానికి బ్యాంకు లోన్ అడిగినా, భాగస్వామిని ఒప్పించాలన్నా, రిపోర్ట్‌లో అందరూ ముందు తిప్పి చూసేది ఖర్చు–లాభాల పేజీనే. చాలా రిపోర్టుల్లో అక్కడ కనిపించేది మెషీన్ అమ్మే కంపెనీ బ్రోషర్‌లోని అంకెలే. "ఉత్పత్తి మూడింతలు పెరుగుతుంది, కూలీ ఖర్చు సగానికి తగ్గుతుంది" అని రాసి కింద ఒక పెద్ద లాభం వేస్తారు. చదివే మేనేజర్ అలాంటివి వారానికి నాలుగు చూస్తాడు, నమ్మడు.

ఆ పేజీ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి: ఈ మెషీన్ వస్తే మీ చేతికొచ్చే డబ్బులో, మీరు పెట్టే ఖర్చులో ఏది మారుతుంది? మారనిది ఏదీ ఈ లెక్కలోకి రాకూడదు. షెడ్డు అద్దె, అకౌంటెంట్ జీతం మెషీన్ ఉన్నా లేకున్నా ఉంటాయి కాబట్టి వాటిని వదిలేయండి.

ఒక ఉదాహరణ తీసుకుని మొత్తం లెక్క వేద్దాం. బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాప్ అనుకోండి. మూడు మామూలు లేత్ మెషీన్లు, ముగ్గురు టర్నర్లు. ఒక కంపెనీకి స్టీలు బుష్‌లు టర్నింగ్ చేసి ఇస్తారు. మెటీరియల్ కంపెనీదే, వీళ్లది మజూరీ మాత్రమే, పీసుకు 46 రూపాయలు. నెలకు 5,500 పీసుల ఆర్డర్ ఉంది. మూడు లేత్‌ల మీద 4,000 మించి రావు. మిగతా 1,500 పక్క వీధిలోని సీఎన్‌సీ షాపుకు పీసుకు 40 రూపాయలకు ఇస్తున్నారు. ఇప్పుడు సొంతంగా ఒక చిన్న సీఎన్‌సీ టర్నింగ్ మెషీన్ కొనాలన్నది ఆలోచన. అంకెలన్నీ లెక్క చూపించడానికి నేను వేసుకున్నవి. వాటి స్థానంలో మీ అంకెలు పెట్టుకోండి.

మొదటి పని: ఇప్పటి పరిస్థితిని కొలవండి

కాలిక్యులేటర్ తీసే ముందు రెండు వారాలు ఒక నోటుబుక్ పెట్టండి. రోజూ ఒక్కో లేత్ మీద ఎన్ని మంచి పీసులు వచ్చాయి, ఎన్ని రిజెక్ట్ అయ్యాయి, టర్నర్ ఎన్ని గంటలు ఉన్నాడు అన్నవి చాలు. ఉన్న గంటలను మంచి పీసులతో భాగిస్తే అసలు సమయం వస్తుంది. టర్నర్‌ను అడిగితే "ఆరు నిమిషాలు సార్" అంటాడు. అది కోత సమయం మాత్రమే. టూల్ గ్రైండింగ్, కొలతలు చూడటం, కరెంటు పోవడం, టీ అన్నీ కలిపితే మన ఉదాహరణలో పీసుకు 9 నిమిషాలు పడుతోంది. ముగ్గురు నెలకు 200 గంటల చొప్పున 600 గంటలు పనిచేస్తే 4,000 పీసులు. లెక్క సరిపోయింది.

ఇదే కొలత కొత్త మెషీన్‌కూ వాడాలి. ఎక్కువ రిపోర్టులు ఇక్కడే తప్పుతాయి. మెషీన్ అమ్మే కంపెనీ వాళ్లు సైకిల్ టైమ్ రెండున్నర నిమిషాలు అంటారు. అంటే గంటకు 24, ఎనిమిది గంటల షిఫ్టు, 25 రోజులు, మొత్తం 4,800 పీసులు. ఆ అంకె కాగితం మీదే ఉంటుంది. పీసు తీసి మరోటి బిగించడానికి అర నిమిషం కలిపితే గంటకు 20. సెట్టింగ్, ఇన్‌సర్ట్ మార్పు, మొదటి పీసు చెకింగ్ పోను షిఫ్టులో నికరంగా నడిచేది ఆరు గంటలు. రోజుకు 120, నెలకు 3,000. రిపోర్ట్‌లో 3,000 రాయండి. ఎలా వచ్చిందో రెండు వాక్యాల్లో చెప్పండి. 4,800 ఎందుకు రాయలేదని మిమ్మల్ని ఎవరూ అడగరు, రాస్తే మాత్రం అడుగుతారు.

కొటేషన్ ఖరారు చేసే ముందు మీ బుష్ డ్రాయింగ్, నాలుగు మెటీరియల్ ముక్కలు ఇచ్చి ట్రయల్ తీయించండి. ఆ ట్రయల్ సమయం కాగితం మీద రాయించుకుంటే రిపోర్ట్‌కు అదే ఆధారం.

రెండో పని: మెషీన్ నడవడానికి మొత్తం ఎంత పడుతుందో రాయండి

మెషీన్ ధర 16 లక్షలు అనుకుందాం. అంతటితో మెషీన్ నడవదు. రవాణా, క్రేన్, ఫౌండేషన్‌కు 40 వేలు. కరెంటు లోడ్ పెంచుకోవడం, కేబుల్, స్టెబిలైజర్‌కు లక్షా 10 వేలు. చక్ జాలు, టూల్ హోల్డర్లు, మొదటి ఇన్‌సర్ట్‌లకు 90 వేలు. కంప్రెసర్‌కు 45 వేలు. శిక్షణ, మొదట్లో పాడయ్యే పీసులకు 15 వేలు. మొత్తం 19 లక్షలు. ఈ మూడు లక్షల తేడా రిపోర్ట్‌లో లేకపోతే, మెషీన్ దిగాక చేబదులు తెచ్చి పెట్టాల్సి వస్తుంది.

జీఎస్టీ వేరే వరుసలో చూపించండి. 16 లక్షల మీద 18 శాతం అంటే 2 లక్షల 88 వేలు. ఇది ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది కాబట్టి ఖర్చు కాదు. కానీ కొనే రోజు చేతి నుంచి పోతుంది. నెలకు మీరు కట్టాల్సిన జీఎస్టీ 36 వేలు ఉంటే, ఈ క్రెడిట్ పూర్తిగా సర్దుబాటు కావడానికి ఎనిమిది నెలలు పడుతుంది. అన్నాళ్లు ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఒక వాక్యం ఉండాలి. ఇంకొకటి, క్రెడిట్ తీసుకున్న జీఎస్టీ మొత్తాన్ని మెషీన్ విలువలో కలిపి తరుగుదల చూపించకూడదు. జీఎస్టీ చట్టం ప్రకారం రెండిట్లో ఒక్కటే.

మూడో పని: ఆదాలో చేతికొచ్చే డబ్బు ఎంతో విడదీయండి

అసలు మలుపు ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చూద్దాం.

కొత్త మెషీన్ మీద వచ్చే 3,000 పీసుల్లో మొదటి 1,500 బయటకు ఇచ్చేవాటి స్థానంలో వస్తాయి. అక్కడ ఆదా గట్టిది. 1,500 ఇంటూ 40, నెలకు 60,000 రూపాయలు. ఆరు నెలల జాబ్ వర్క్ బిల్లులు జతచేస్తే ఈ అంకెను ఎవరూ కాదనలేరు.

మిగతా 1,500 పీసులు ఇప్పుడు మీ లేత్‌ల మీదే అవుతున్నాయి. అవి సీఎన్‌సీకి మారితే లేత్‌ల మీద 225 గంటలు ఖాళీ అవుతాయి. చాలామంది ఈ గంటలను గంట రేటుతో గుణించి లాభం రాసేస్తారు. కానీ టర్నర్ జీతం అలాగే ఉంటుంది, అతను ఖాళీగా కూర్చుంటాడు. మిగిలిన సమయం రెండు విధాలుగానే డబ్బవుతుంది. దాన్ని నింపే ఆర్డర్ దొరకాలి, లేదా ఒక జీతం తగ్గాలి.

మన ఉదాహరణలో షాఫ్ట్ రిపేర్ పని చేయించుకోవడానికి వచ్చి, ఖాళీ లేక వెనక్కి వెళ్లే కస్టమర్లు ఉన్నారు. వాళ్లు అడిగిన పనిని నోటుబుక్‌లో రాసి పెడితే నెలకు 80 గంటలు తేలింది. గంటకు 300 వస్తుంది, నూనె, టూల్, కరెంటుకు 60 పోతుంది, మిగిలేది 240. 80 గంటలకు 19,200 రూపాయలు. మిగతా 145 గంటలకు సున్నా.

రిజెక్షన్ విషయం చూడండి. లేత్ మీద 4 శాతం, సీఎన్‌సీ మీద 1 శాతం అనుకుందాం. ఇప్పుడు 4,000కు 160 పీసులు పోతున్నాయి. బయట చేయించినవి పోతే ఆ షాపు భరిస్తుంది. మెషీన్ వచ్చాక 3,000కు 30, లేత్‌ల మీద మిగిలే 2,500కు 100, మొత్తం 130. తగ్గింది 30 పీసులు. పీసుకు కంపెనీ వేసే డెబిట్ నోట్ స్క్రాప్ పోను 75 రూపాయలు అయితే నెలకు 2,250. నాణ్యత పెరుగుతుందని పేజీ నిండా రాసేవాళ్లు ఈ చిన్న గుణకారం చేసి చూడాలి. రెండు వేలకు రెండు పేరాలు అక్కర్లేదు.

నాలుగో పని: మనిషి ఎవరో తేల్చుకుని రెండు దారులూ పక్కపక్కన పెట్టండి

కొత్త ఆపరేటర్‌ను పెట్టుకోవడం ఒక దారి. మీ టర్నర్లలో ఒకరికి శిక్షణ ఇచ్చి సీఎన్‌సీ మీదకు మార్చడం రెండోది. రెండో దారిలో లేత్‌ల మీద ఇద్దరే ఉంటారు, వాళ్లకు 400 గంటలు. 2,500 పీసులకు 375 గంటలు పోతాయి, బయట పనికి మిగిలేది 25 గంటలే. దాని ఆదాయం 6,000. అయితే కొత్త జీతం 25 వేలు తప్పుతుంది, శిక్షణ పొందిన టర్నర్‌కు 4 వేలు పెంచితే చాలు.

| నెలకు, రూపాయల్లో | కొత్త ఆపరేటర్ | మన టర్నర్ |
|---|---|---|
| బయటి జాబ్ వర్క్ ఆదా | 60,000 | 60,000 |
| ఖాళీ గంటల ఆదాయం | 19,200 | 6,000 |
| రిజెక్షన్ తగ్గుదల | 2,250 | 2,250 |
| అదనపు జీతం | –25,000 | –4,000 |
| కరెంటు | –10,000 | –10,000 |
| ఇన్‌సర్ట్‌లు, కూలెంట్ | –11,000 | –11,000 |
| మెయింటెనెన్స్ | –5,000 | –5,000 |
| మిగులు | 30,450 | 38,250 |

మెషీన్ ఒకటే, ఆర్డర్ ఒకటే. మనిషిని ఎలా సర్దుకున్నామన్న దాని మీదే నెలకు 7,800 తేడా వచ్చింది. పైగా రెండో దారిలో ఒక లేత్ ఖాళీ అవుతుంది. పాత మెషీన్లు కొనేవాళ్ల దగ్గర కొటేషన్ తీసుకుంటే లక్షా 20 వేలు వస్తుందనుకుంటే, పెట్టుబడి 17 లక్షల 80 వేలకు దిగుతుంది.

మూడో దారి కూడా రాయాలి, అది కొనకపోవడం. బయటి షాపుతో కూర్చుని బేరం ఆడితే 40 కాస్తా 36 అవుతుందేమో. అలా అయితే మెషీన్ వల్ల వచ్చే ఆదా నెలకు 6,000 తగ్గి, మన టర్నర్ దారిలో మిగులు 32,250 దగ్గర నిలుస్తుంది. ఈ సంగతి మీరే రాస్తే, ఎదుటివాడు అడిగేలోపే జవాబు ఉంటుంది. సెకండ్ హ్యాండ్ మెషీన్ ఎందుకు వద్దనుకున్నారో కూడా ఒక వాక్యం చాలు.

కరెంటు అంకెను మెషీన్ మీద రాసిన మోటారు కిలోవాట్‌లతో వేయకండి. అది గరిష్ఠ సామర్థ్యం, రోజంతా అంత లాగదు. నేను గంటకు సగటున 5 యూనిట్లు, నెలకు 200 గంటలు, ఫిక్స్‌డ్ ఛార్జీల వాటాతో కలిపి యూనిట్ 10 రూపాయల చొప్పున వేశాను. అలాంటి మెషీన్ నడుపుతున్న షాపు కరెంటు బిల్లు చూడగలిగితే అదే మేలు.

ఐదో పని: నెల లెక్కను ఏళ్ల లెక్కగా మార్చండి

మన టర్నర్ దారిలో ఏడాదికి 4 లక్షల 59 వేలు. 17.8 లక్షలను దీనితో భాగిస్తే మూడేళ్ల పదకొండు నెలల్లో డబ్బు వెనక్కి. కొత్త ఆపరేటర్ దారిలో 19 లక్షలు, ఏడాదికి 3.65 లక్షలు, ఐదేళ్లు దాటుతుంది.

నాలుగేళ్ల తర్వాత వచ్చే లక్ష ఇవాళ్టి లక్షతో సమానం కాదు కాబట్టి మరో లెక్క కావాలి. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క వరుసతో అయిపోతుంది. మెషీన్ ఏడేళ్లు ఇలాగే నడుస్తుందని, మీ డబ్బుకు 12 శాతం రావాలని అనుకుంటే:

```
=PV(12%,7,-459000)
```

దాదాపు 20 లక్షల 95 వేలు వస్తుంది. పెట్టుబడి 17.8 లక్షలు తీస్తే 3 లక్షల 15 వేలు మిగులు. కొత్త ఆపరేటర్ దారిలోని 3.65 లక్షలతో ఇదే చేస్తే 16.7 లక్షలే, పెట్టుబడి కంటే 2.3 లక్షలు తక్కువ. అంటే కొత్త ఆపరేటర్‌తో, ఒక్క షిఫ్టుతో ఈ మెషీన్ కొనకూడదు. మీ లెక్కలో ఇలాంటి జవాబు వస్తే దాచకుండా రాయండి. ఎంచుకున్న దారి ఎందుకు ఎంచుకున్నారో దానితోనే తెలుస్తుంది.

ఒకే ఖర్చును రెండుసార్లు వేయకండి. పెట్టుబడిగా 19 లక్షలు చూపించాక, నెల ఖర్చుల్లో మళ్లీ తరుగుదల వేస్తే అదే డబ్బు రెండోసారి పోయినట్టు. 12 శాతంతో లెక్క వేశాక లోన్ వడ్డీని ఖర్చుగా తీసేయడమూ అంతే. తరుగుదలకు చోటు ఆదాయపు పన్ను లెక్కలో ఉంటుంది. సాధారణ మెషీనరీకి ఏడాదికి 15 శాతం, కొన్న ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే ఆ ఏడాదికి అందులో సగం. అమ్మకాల్లో నిర్ణీత శాతాన్ని లాభంగా చూపే ప్రిజంప్టివ్ పద్ధతిలో రిటర్న్ వేసేవాళ్లకు ఈ తరుగుదల వల్ల విడిగా పన్ను తగ్గదు, కాబట్టి ఆ ఆదా రాయకండి.

ఆరో పని: ఈఎంఐ కట్టగలరా అన్నది వేరుగా చూపించండి

లాభం ఉండటం వేరు, ప్రతి నెలా వాయిదా కట్టగలగడం వేరు. బ్యాంకు చూసేది రెండోదే ఎక్కువ. 14 లక్షలు లోన్, 10.5 శాతం వడ్డీ, అయిదేళ్లు అయితే:

```
=PMT(10.5%/12,60,-1400000)
```

నెలకు దాదాపు 30,090. కొత్త ఆపరేటర్ దారిలో మిగులు 30,450. అంటే ఒక్క నెల ఇన్‌సర్ట్‌లు ఎక్కువ విరిగినా వాయిదా తప్పుతుంది. మన టర్నర్ దారిలో 38,250, వాయిదాకు 1.27 రెట్లు. బ్యాంకు మీ వర్క్‌షాప్ మొత్తం ఆదాయంతో ఈ నిష్పత్తి కడుతుంది, సాధారణంగా ఒకటిన్నర దగ్గర ఉండాలని చూస్తుంది. అందుకే ఇప్పుడున్న వ్యాపారం మిగులును కూడా కలిపి ఒక వరుస వేయండి. తనఖా లేకుండా, చిన్న పరిశ్రమల లోన్లకు హామీ ఇచ్చే సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ మీద తీసుకుంటుంటే దాని వార్షిక ఫీజు ఖర్చుల్లో కలపండి.

ఇక మొదటి మూడు నెలలు. మెషీన్ దిగిన మర్నాడే 3,000 పీసులు రావు. సగమే, 1,500 వచ్చాయనుకోండి. టర్నర్ ఒకరు సీఎన్‌సీ దగ్గరికి వెళ్లారు కాబట్టి లేత్‌ల మీద 400 గంటల్లో దాదాపు 2,670 వస్తాయి. మొత్తం 4,170. ఇంకా 1,330 పీసులు బయటకే ఇవ్వాలి. అంటే 60 వేల ఆదా కాస్తా ఏడు వేల లోపు! మూడు నెలలకు దాదాపు లక్షన్నర లోటు, పైన వచ్చిన 3.15 లక్షల మిగులులో సగం. అందుకే ఆరు నెలల మారటోరియం అడగండి, ఎందుకు అడుగుతున్నారో ఈ లెక్కతోనే రాయండి. ఊరికే అడిగితే భయపడి అడిగినట్టు ఉంటుంది.

ఏడో పని: ఆర్డర్ తగ్గితే ఏమవుతుందో మీరే చెప్పండి

ఈ లెక్క అంతా నెలకు 5,500 పీసుల మీద నిలబడింది. అది 4,500కు పడితే మెషీన్ లేకపోయినా బయటకు వెళ్లేవి 500 మాత్రమే, కాబట్టి ఆ ఆదా 20,000. లేత్‌ల మీద ఖాళీ పెరుగుతుంది, 80 గంటల రిపేర్ పని పూర్తిగా పట్టొచ్చు, 19,200. రిజెక్షన్ తగ్గుదల 5,250. ఖర్చులు 30,000 పోను మిగిలేది 14,450, అంటే వాయిదాలో సగం కూడా రాదు. ఒకే కస్టమర్ మీద ఆధారపడిన షాపుకు అసలు టెన్షన్ ఇదే.

రెండో షిఫ్టు ఊసు ఇక్కడ రావాలి, ప్రధాన లెక్కలో కాదు. అదే బుష్ మరో 1,500 కావాలని కంపెనీ రాతపూర్వకంగా ఇస్తే 69,000 మజూరీ వస్తుంది. కొత్త ఆపరేటర్, కరెంటు, ఇన్‌సర్ట్‌లు, ఇతర ఖర్చులు కలిపి 36,000 పోతే 33,000 మిగులు. కాగితం చేతిలో లేకపోతే "అవకాశం ఉంది" అని ఒక వాక్యంతో ఆపేయండి.

శిక్షణ ఇచ్చిన టర్నర్ వెళ్లిపోవడం కూడా నిజమైన రిస్కే. సీఎన్‌సీ చేతికొచ్చిన మనిషికి పక్క షాపు రెండు వేలు ఎక్కువిస్తానంటుంది. ఇద్దరికి నేర్పిస్తామని, ప్రోగ్రామ్‌ల కాపీ ఆఫీసులో ఉంచుతామని రాయండి, నిజంగా చేయండి కూడా.

చివరగా, కాగితం మీద ఇలా

లెక్క పూర్తయ్యాక రాయడం మొదలుపెట్టండి. మొదటి పేరాలోనే నిర్ణయం, అంకెలు రావాలి. ఉదాహరణకు:

"ప్రస్తుతం నెలకు 5,500 బుష్‌ల ఆర్డర్‌లో 1,500 పీసులను 60,000 రూపాయలకు బయట చేయిస్తున్నాం. 19 లక్షల పెట్టుబడితో ఒక సీఎన్‌సీ టర్నింగ్ మెషీన్ కొని, మా టర్నర్లలో ఒకరికి శిక్షణ ఇచ్చి ఒక షిఫ్టు నడిపితే నెలకు 38,250 రూపాయల నికర మిగులు వస్తుంది. ఒక పాత లేత్ అమ్మకం పోను పెట్టుబడి మూడేళ్ల పదకొండు నెలల్లో తిరిగి వస్తుంది. మొదటి మూడు నెలల తక్కువ ఉత్పత్తి ఈ అంకెలో లేదు, దాని ప్రభావం విడిగా చూపించాం. ఆర్డర్ 4,500కు తగ్గితే మిగులు వాయిదాకు సరిపోదు, ఆ తేడాను ప్రస్తుత వ్యాపారం మిగులు నుంచి కడతాం."

దాని కింద పట్టిక, పట్టిక కింద ఒక్కో వరుసకు ఆధారం. జాబ్ వర్క్ బిల్లులు, మెషీన్ కొటేషన్, ట్రయల్ కాగితం, కరెంటు బిల్లు, కంపెనీ పర్చేజ్ ఆర్డర్, రెండు వారాల నోటుబుక్ ఫొటోకాపీలకు వరుస నంబర్లు వేసి, పట్టికలో ఆ నంబరే రాయండి. మొత్తం రెండున్నర పేజీలు దాటనివ్వకండి. ఆధారం దొరకని వరుస ఏదైనా ఉంటే దాన్ని మిగులులోంచి తీసేసి మళ్లీ కూడండి. అప్పటికీ అంకె వాయిదా కంటే పైన ఉంటేనే ఫైల్ బ్యాంకుకు పంపండి.